పరీక్ష పెట్టేది ఒకరు, పట్టా ఇచ్చేది ఇంకొకరు

మా చెల్లెలి కూతురు నెల్లూరు దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో బీటెక్ పూర్తి చేసి, బెంగళూరులో ఉద్యోగం తెచ్చుకుంది. చేరే ముందు కంపెనీ వాళ్లు ఒక ఫారం పంపారు. అందులో కాలేజీ పేరుకు ఒక గడి, విశ్వవిద్యాలయం పేరుకు ఒక గడి ఉన్నాయి. అమ్మాయి రెండింటిలోనూ కాలేజీ పేరే రాసింది. రెండు వారాల తరువాత సర్టిఫికెట్లు సరిచూసే సంస్థ నుంచి జవాబు వచ్చింది: మీరు రాసిన పేరుతో విశ్వవిద్యాలయం ఏదీ లేదు, వివరణ ఇవ్వండి అని. ఆ రాత్రే నాకు ఫోను చేసింది. "మామయ్యా, మాది అటానమస్ కదా, పరీక్షలన్నీ కాలేజీయే పెట్టింది కదా. మరి డిగ్రీ కాలేజీది కాదా?"

నేను ఈ జిల్లాలోనే వేరే కాలేజీ పరీక్షల విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఏటా జూన్‌లో కౌన్సెలింగ్ మొదలయ్యే ముందు తండ్రులు అడిగేవారు, నాలుగేళ్లు గడిచాక పిల్లలు అడిగేవారు. మధ్యలో మాత్రం ఎవరికీ గుర్తు రాదు. ఆదివారం అమ్మాయి ఇంటికి వచ్చింది. ఉన్న కాగితాలన్నీ బల్ల మీద పరచమన్నాను.

ముందుగా ఎనిమిది సెమిస్టర్ల మార్కుల మెమోలు. ఒక్కొక్కదాని నెత్తిన పెద్ద అక్షరాలలో కాలేజీ పేరు, దాని కింద అటానమస్ అన్న మాట, ఆ కింద చీమ తలంత అక్షరాలతో అనంతపురం జేఎన్‌టీయూకు అనుబంధం అని ఉన్నాయి. అడుగున ఉన్న సంతకం కాలేజీ పరీక్షల నియంత్రణాధికారిది. తరువాతి కాగితం ప్రొవిజనల్ సర్టిఫికెట్, పిల్లలంతా పీసీ అనేది. దీనిలో వరుస తిరగబడింది. నెత్తిన అనంతపురం జేఎన్‌టీయూ పేరు, ముద్ర ఉన్నాయి. కాలేజీ పేరు నడుమ ఒక్క వరుసలో, అమ్మాయి ఎక్కడ చదివిందో చెప్పడానికి మాత్రమే ఉంది. మూడోది ఒరిజినల్ డిగ్రీ, అంటే ఓడీ. అది ఇంకా చేతికి రాలేదు. వచ్చినప్పుడు దాని మీద ఉండేది వైస్ చాన్సలర్ సంతకం.

"ఎనిమిది కాగితాల మీద కాలేజీ పేరు చూసి, తొమ్మిదోదాన్ని చదవలేదు నువ్వు," అన్నాను. నవ్వింది గానీ, తప్పు పూర్తిగా తనది కాదు. నాలుగేళ్లపాటు ఆ పిల్లకు విశ్వవిద్యాలయం కంటికి కనిపించనే లేదు.

చట్టంలో కాలేజీకి చోటు లేదు

మన దేశంలో డిగ్రీ ఇచ్చే హక్కు ఎవరిదో 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ చెబుతుంది. పార్లమెంటు చట్టంతో గానీ, రాష్ట్ర శాసనసభ చట్టంతో గానీ ఏర్పడిన విశ్వవిద్యాలయం ఇవ్వవచ్చు. అదే చట్టం 3వ సెక్షన్ కింద కేంద్రం విశ్వవిద్యాలయంతో సమానమని ప్రకటించిన సంస్థ ఇవ్వవచ్చు. డిగ్రీలు ఇచ్చేందుకు పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థ ఇవ్వవచ్చు. అంతటితో జాబితా అయిపోయింది. అందులో కాలేజీ అన్న మాట లేదు. ఎంత పాతదైనా, ఎంత పేరున్నదైనా, అటానమస్ అయినా, కాలేజీ తన పేరుతో డిగ్రీ ఇవ్వడానికి వీలు లేదు. 23వ సెక్షన్ ఇంకో అడుగు వేసి, అర్హత లేని సంస్థ తన పేరులో యూనివర్సిటీ అన్న మాటే పెట్టుకోరాదంటుంది. ఈ రెండూ మీరితే 24వ సెక్షన్‌లో రాసిన జరిమానా వెయ్యి రూపాయల దాకా. 1956లో అది బరువైన మొత్తమే కావచ్చు.

కాబట్టి ఏ కాలేజీ గడప తొక్కినా అడగవలసిన మొదటి ప్రశ్న పరీక్ష ఎవరు పెడతారని కాదు. 22వ సెక్షన్ కింద హక్కున్నవారిలో ఎవరి పేరుతో పట్టా వస్తుందన్నది. ఈ రెంటి తేడా పట్టుబడితే అనుబంధం, అటానమస్, డీమ్డ్ అన్న మాటల చిక్కు చాలావరకు విడిపోతుంది.

మామూలు అనుబంధ కళాశాలలో తికమక తక్కువ. అక్కడ పాఠం చెప్పడం కాలేజీ పని. సిలబస్, ప్రశ్నపత్రం, దిద్దుబాటు, ఫలితం, మెమో, పీసీ, ఓడీ అన్నీ విశ్వవిద్యాలయానివి. మెమో మీదా పట్టా మీదా ఒకే పేరు ఉంటుంది. చిక్కల్లా ఏ కోర్సుకు ఏ విశ్వవిద్యాలయం అన్నదే. నెల్లూరులో ఒకే వీధిలో నలుగురు పిల్లలుంటే నలుగురికీ నాలుగు చోట్ల నుంచి కాగితాలు రావచ్చు. ఇంజనీరింగ్ అయితే అనంతపురం జేఎన్‌టీయూ. బీకాం, బీఎస్సీ అయితే 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం. ఎంబీబీఎస్ అయితే విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. పాలిటెక్నిక్ అయితే అది డిగ్రీ కాదు, డిప్లొమా. రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి ఇస్తుంది. రైలెక్కి ఒంగోలులో దిగితే ఇంజనీరింగ్ పిల్లవాడి పట్టా మీద అనంతపురం పోయి కాకినాడ జేఎన్‌టీయూ కనిపిస్తుంది. ఒంగోలు డిగ్రీ కాలేజీల పాత పట్టాల మీద ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం పేరుంటుంది. ఇప్పుడు ఆ జిల్లాకు ఆంధ్ర కేసరి పేరుతో సొంత విశ్వవిద్యాలయం వచ్చింది.

2008కి ముందు నెల్లూరులో డిగ్రీ చదివినవారి పట్టా తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయానిది. కొత్త విశ్వవిద్యాలయం వచ్చినంత మాత్రాన పాత పట్టా మీద పేరు మారదు. అది పోతే నకలు కోసం ఇచ్చినవారి దగ్గరికే పోవాలి. మా పినతండ్రి కొడుకు 2001లో బీఎస్సీ పూర్తి చేశాడు. ఊళ్లోనే విశ్వవిద్యాలయం ఉంది కదా అని నకలు కోసం విక్రమ సింహపురి ఉన్న కాకుటూరు వెళ్లి, ఉత్త చేతులతో తిరిగి వచ్చి, మరునాడు తిరుపతి బస్సెక్కాడు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు, గూడూరు నెల్లూరు నుంచి తిరుపతికి మారాయి. జిల్లా గీత జరిగిన రోజే విశ్వవిద్యాలయం గీత కూడా జరుగుతుందని అనుకోకూడదు. మీ మెమో మీద ఉన్న పేరే మీకు ప్రమాణం.

అటానమస్ కాలేజీలో తెర వెనుక జరిగేది

యూజీసీ స్వయంప్రతిపత్తి ఇచ్చిన కాలేజీకి నాలుగు పనులు దఖలు పడతాయి. సిలబస్ తానే రాసుకుంటుంది, ప్రశ్నపత్రం తానే తయారు చేయించుకుంటుంది, తానే దిద్దించుకుంటుంది, ఫలితం తానే ప్రకటిస్తుంది. యూజీసీ నిబంధనల ప్రకారం మార్కుల మెమోలు, మైగ్రేషన్ వంటి పత్రాలు కాలేజీ ఇస్తుంది. డిగ్రీ మాత్రం మాతృ విశ్వవిద్యాలయమే, కాలేజీ పేరు కూడా వేసి, ఇస్తుంది.

ఇంతగా విడిచిపెట్టినా విశ్వవిద్యాలయం గది బయటికి వెళ్లిపోదు. ప్రతి శాఖకూ సిలబస్ ఖరారు చేసే పాఠ్య ప్రణాళికా మండలి ఒకటి ఉంటుంది, కాలేజీలో అందరూ బీఓఎస్ అంటారు. దానిలో ఒక నిపుణుడిని వైస్ చాన్సలర్ నియమిస్తారు, ప్రిన్సిపల్ పంపిన ఆరుగురి పేర్లలోంచి. అకడమిక్ కౌన్సిల్‌లోనూ విశ్వవిద్యాలయం ప్రతినిధులు కూర్చుంటారు. వాళ్లు వచ్చే రోజు కాలేజీలో సున్నం వేయడం ఒక్కటే తక్కువ. వాళ్లడిగే ప్రశ్నల్లో అసలైనది ఒకటే: మీ సిలబస్‌తో నాలుగేళ్లు చదివిన పిల్లవాడికి మా పేరుతో పట్టా ఇవ్వడానికి మాకు అభ్యంతరం ఏమైనా ఉండాలా?

హాల్ టికెట్ నంబరులో కూడా ఈ బంధం కనిపిస్తుంది. జేఎన్‌టీయూల కింద బీటెక్ పిల్లల నంబరు ఈ వరుసలో ఉంటుంది, అటానమస్ అయిన తరువాత కూడా చాలా కాలేజీలు దీన్నే కొనసాగిస్తాయి:

```
20XX1A0512
```

మొదటి రెండంకెలు చేరిన సంవత్సరం, 2020 అన్నమాట. XX ఉన్నచోట కాలేజీకి విశ్వవిద్యాలయం ఇచ్చిన గుర్తు ఉంటుంది. 1A అంటే మొదటి ఏడాదిలో చేరిన బీటెక్ విద్యార్థి. డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరితే అక్కడ 5A వస్తుంది. 05 కంప్యూటర్ సైన్స్, 12 వరుస సంఖ్య. ఏ కాలేజీలో పరీక్ష రాసినా ఈ నంబరుతోనే విశ్వవిద్యాలయం దస్త్రంలో పిల్లవాడికి ఒక అర ఉంటుంది.

ఆఖరి సెమిస్టర్ ఫలితం వచ్చాక అసలు పని మొదలవుతుంది. కాలేజీ ఫలితాలు తొందరగానే ఇచ్చేస్తుంది, ఆ వేగమే అటానమస్ కాలేజీల గొప్ప ఆకర్షణ. కానీ ఫలితం వచ్చినంత మాత్రాన పట్టా రాదు. ఎవరెవరు ఏ నిబంధనల కింద చేరారు, ఎన్ని క్రెడిట్లు సంపాదించారు, ఏ సబ్జెక్టు ఎప్పుడు పాసయ్యారు అన్న జాబితా కాలేజీ తయారు చేసి విశ్వవిద్యాలయానికి పంపాలి. ఇటీవలి బీటెక్ నిబంధనల్లో మొత్తం 160 క్రెడిట్లు. జాబితాలో ఒక్క పిల్లవాడికి 158 పడినా, పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్న పేరుకూ జాబితాలో పేరుకూ ఒక్క అక్షరం తేడా ఉన్నా, ఆ పేరు పక్కన ఎర్ర గీత పడి తిరిగి వస్తుంది. కాలేజీ దిద్దాలి, మళ్లీ పంపాలి. మామూలు అనుబంధ కాలేజీలో మార్కులు మొదటి నుంచీ విశ్వవిద్యాలయం కంప్యూటర్‌లోనే ఉంటాయి కనుక ఈ సరిచూసే పని తక్కువ. అటానమస్‌లో ఫలితం ముందు వచ్చి, పీసీ వెనుకబడటానికి కారణం ఇదే.

మా కాలేజీకి స్వయంప్రతిపత్తి వచ్చిన తొలి ఏళ్లలో జరిగిన ఒక సంగతి చెబితే ఇది ఇంకా స్పష్టమవుతుంది. స్వయంప్రతిపత్తి వచ్చిన ఏడాది కొత్తగా చేరిన పిల్లలకే కొత్త నిబంధనలు వర్తిస్తాయి. అప్పటికే రెండో ఏడాది, మూడో ఏడాది చదువుతున్నవారు పాత నిబంధనల్లోనే విశ్వవిద్యాలయం పరీక్షలు రాసి బయటికి వెళతారు, వాళ్ల బ్యాక్‌లాగ్‌లకు సప్లిమెంటరీలు కూడా విశ్వవిద్యాలయమే పెడుతుంది. కొన్నేళ్లపాటు ఒకే ఆవరణలో రెండు రకాల విద్యార్థులుంటారు. ఆ నడుమ ఒక కుర్రవాడు ఇరుక్కున్నాడు. మొదటి ఏడాది విశ్వవిద్యాలయం పరీక్షలు రాసి పాసయ్యాడు. రెండో ఏడాది మొదట్లో పచ్చకామెర్లు వచ్చి, హాజరు 65 శాతం కన్నా దిగువకు పోయింది. 75 శాతం ఉండాలి, వైద్య కారణాలు చూపితే 65 దాకా మన్నిస్తారు, అంతకు దిగితే ఎవరూ ఏమీ చేయలేరు. అలా ఆగిపోయి, మరుసటి ఏడాది జూనియర్లతో కలిసి మళ్లీ చేరాడు. ఆ జూనియర్లు అటానమస్ తొలి బ్యాచ్.

అప్పుడు అతడి కాగితాలు ఇలా తయారయ్యాయి. మొదటి ఏడాది మెమోలు విశ్వవిద్యాలయానివి, తరువాతి ఆరు సెమిస్టర్ల మెమోలు కాలేజీవి. రెండు సిలబస్‌లు ఒకటి కావు. పాతదానిలో మొదటి ఏడాది చదివిన ఒక గణితం పేపరు కొత్త సిలబస్‌లో రెండో ఏడాదికి జరిగింది. కొత్త సిలబస్‌లో మొదటి ఏడాదే ఉన్న ఒక పేపరు ఇతడు అసలు చదవనే లేదు. చదివినదాన్ని మళ్లీ చదవనక్కరలేదని, చదవనిదాన్ని తప్పక రాయాలని తేల్చి, ఏ పేపరుకు ఏది సమానమో పట్టిక వేసి, విశ్వవిద్యాలయం ఆమోదం తెచ్చుకోవాలి. మేము పట్టిక వేశాం, పంపాం. ఆమోదం ఉత్తరం కూడా వచ్చింది. అది దస్త్రంలో పెట్టవలసిన చోట పెట్టలేదు. మూడేళ్ల తరువాత ఆఖరి జాబితా పంపినప్పుడు ఆ ఒక్క పేపరు క్రెడిట్లు తక్కువగా కనిపించి అతడి పేరు ఆగిపోయింది. తోటివారికి పీసీలు వచ్చిన అయిదు నెలలకు గానీ అతడిది రాలేదు. తప్పు మా గదిలోదే. అతడు మాత్రం వారానికి రెండుసార్లు వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, "సార్, అనంతపురం నుంచి ఏమైనా వచ్చిందా?" అని మర్యాదగా అడిగి వెళ్లేవాడు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఇలా కాలేజీ మారినవారు, హాజరు లేక ఆగినవారు, నిబంధనలు మారే ఏడాదిలో పడినవారు సమానత్వ ఆమోదం ఉత్తరం నకలు తమ దగ్గర ఒకటి ఉంచుకోవాలి. యూజీసీ 2008 నిబంధనల ప్రకారం విద్యార్థి అర్హుడయ్యే తేదీ నుంచి 180 రోజుల్లోపు డిగ్రీ ఇవ్వాలి. ఆ బాధ్యత విశ్వవిద్యాలయానిది. అయితే జాబితాలో పేరే రానివాడి విషయంలో గడియారం ఎవరి చేతిలో ఉందో చెప్పడం కష్టం. అందుకే ముందు తెలుసుకోవలసింది నా పేరు జాబితాలో వెళ్లిందా, వెళితే ఏ తేదీన వెళ్లింది అన్నది.

అటానమస్ మంచిదా, మామూలు అనుబంధం మంచిదా అని అడిగేవారికి నా సమాధానం కొంచెం మొరటుగానే ఉంటుంది. సిలబస్ కొత్తగా ఉంచుకోవడానికి స్వయంప్రతిపత్తి నిజంగా పనికొస్తుంది. అదే చేతితో మార్కులు ధారపోయడానికీ పనికొస్తుంది. పాఠం చెప్పినవారే ప్రశ్న వేసి, వారే దిద్దే చోట తొంభైల మార్కులు చూసి మురిసిపోవడానికి ముందు, ఆ కాలేజీ పిల్లలు గేట్ వంటి బయటి పరీక్షల్లో ఎలా రాస్తున్నారో చూడండి. పట్టా విషయానికి వస్తే రెండింటికీ తేడా లేదు, ఇచ్చే చేయి ఒకటే. స్వయంప్రతిపత్తికి గడువుంటుంది, పొడిగింపు తెచ్చుకోవాలి. రేపు అది పోయినా నిన్న ఇచ్చిన డిగ్రీకి ఏమీ కాదు, ఎందుకంటే అది మొదటి నుంచీ విశ్వవిద్యాలయానిది.

డీమ్డ్: తానే కాలేజీ, తానే విశ్వవిద్యాలయం

నెల్లూరు పిల్లలకు విజయవాడ కన్నా చెన్నైయే దగ్గర. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి ముందే దిగవచ్చు. అందువల్ల మన ఇళ్లలో డీమ్డ్ అన్న మాట చెన్నై వైపు నుంచే ఎక్కువగా వచ్చింది. డీమ్డ్ అంటే 3వ సెక్షన్ కింద యూజీసీ సలహాతో కేంద్ర ప్రభుత్వం విశ్వవిద్యాలయంతో సమానమని ప్రకటించిన సంస్థ. దానికి మాతృ విశ్వవిద్యాలయం లేదు. సిలబస్ నుంచి పట్టా దాకా అన్నీ దాని పేరుతోనే. మెమో మీదా ఓడీ మీదా ఒకే పేరు, ఒకే ముద్ర. అనుబంధ కాలేజీలోలాగే ఇక్కడా పేర్ల తికమక లేదు, అయితే బయటివారి కన్ను కూడా లేదు. జాబితా తిప్పి పంపేవారు ఎవరూ ఉండరు. పీసీ తొందరగా రావడానికీ, మార్కుల మీద అనుమానాలు రావడానికీ కారణం అదే.

ఈ సంస్థలు పేరు చివర యూనివర్సిటీ అని పెట్టుకోవడం ఒకప్పుడు మామూలే. 2017 నవంబరులో సుప్రీంకోర్టు ఒరిస్సా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్ కేసులో తీర్పు ఇస్తూ, డీమ్డ్ సంస్థలు ఆ మాట వాడటం చట్టవిరుద్ధమని చెప్పి, ఆపించమని యూజీసీని ఆదేశించింది. అప్పటి నుంచి పేరు తరువాత విశ్వవిద్యాలయంగా పరిగణించబడే సంస్థ అన్న అర్థం వచ్చే మాటలే రాయాలి. ఆ కేసు మొదలైంది పేరు దగ్గర కాదు. కొన్ని డీమ్డ్ సంస్థలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీలు ఇచ్చాయి. 2001 నుంచి 2005 వరకు చేరినవారి డిగ్రీలను కోర్టు నిలిపివేసి, మళ్లీ పరీక్ష రాసి పాసైతేనే చెల్లుతాయంది. సంస్థకు డిగ్రీ ఇచ్చే హక్కు ఉండటం వేరు, ఆ కోర్సును ఆ పద్ధతిలో నడిపే అనుమతి ఉండటం వేరు అని దీనివల్ల తెలిసింది. మన జిల్లాల్లో ఇంటి దగ్గర కూర్చుని డిగ్రీ అనే కరపత్రాలు ఇంకా పంచుతున్నవారు ఈ రెండో సగాన్ని ఎప్పుడూ చెప్పరు.

డీమ్డ్ సంస్థ ఇంకెవరికీ అనుబంధం ఇవ్వలేదు. కావలిలోనో మార్కాపురంలోనో ఉన్న ఒక భవనం వారు మాది ఫలానా డీమ్డ్ వర్సిటీకి అనుబంధ కాలేజీ అంటే అక్కడే ఆగిపోవాలి. తన సొంత క్యాంపస్ మరోచోట పెట్టుకోవచ్చు, దానికీ అనుమతి ఉండాలి.

రాష్ట్ర విశ్వవిద్యాలయం అన్న మాటలోనే రెండు రకాలు దాగి ఉన్నాయి. ఒకటి విక్రమ సింహపురి, జేఎన్‌టీయూల వంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు. ఇవి కాలేజీలకు అనుబంధం ఇవ్వగలవు. రెండోది 2016లో చేసిన ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం కింద వచ్చినవి. ఇవీ శాసనసభ చట్టంతో పుట్టినవే, సొంతంగా డిగ్రీ ఇస్తాయి, కాలేజీలకు అనుబంధం మాత్రం ఇవ్వలేవు. ఈ జాగ్రత్త వెనుక ఛత్తీస్‌గఢ్ అనుభవం ఉంది. 2002 నాటి చట్టంతో అక్కడ 112 ప్రైవేటు విశ్వవిద్యాలయాలు పుట్టుకొచ్చాయి, కొన్నిటికి గది కూడా సరిగా లేదు. ప్రొఫెసర్ యశ్‌పాల్ వేసిన కేసులో 2005లో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటును కొట్టివేసింది.

ఒకే పేరు రెండు రకాల్లోనూ కనిపించినప్పుడు తలపండినవారు కూడా పొరబడతారు. వెల్లూరులోని వీఐటీ డీమ్డ్ సంస్థ, అమరావతిలోని వీఐటీ-ఏపీ రాష్ట్ర చట్టం కింది ప్రైవేటు విశ్వవిద్యాలయం. చెన్నై దగ్గరి ఎస్ఆర్ఎం డీమ్డ్, అమరావతిలోని ఎస్ఆర్ఎం-ఏపీ ప్రైవేటు విశ్వవిద్యాలయం. పేరు ఒకటే కదా, అక్కడి పట్టాయే ఇక్కడా వస్తుందనుకుంటారు. రాదు. రెండూ చట్టబద్ధమైనవే, కానీ పట్టా ఇచ్చేవారు వేరు, ఫారంలో రాయవలసిన పేరు వేరు.

అలాగే ఒంగోలు ట్రిపుల్ ఐటీ. అక్కడి పిల్లల పట్టా మీద ఉండేది రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అంటే ఆర్‌జీయూకేటీ. అది రాష్ట్ర చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయం, ఒంగోలు దాని క్యాంపస్‌లలో ఒకటి. సూళ్లూరుపేట దాటాక ఉన్న శ్రీసిటీ ట్రిపుల్ ఐటీ మాత్రం పార్లమెంటు చట్టం కిందిది, తన పట్టా తానే ఇస్తుంది. రెండు ఊళ్ల మధ్య దూరం కొన్ని గంటలే. పిలుపు పేరు ఒకటే, 22వ సెక్షన్‌లో మాత్రం రెండూ వేర్వేరు వరుసల్లో ఉన్నాయి.

చేరే ముందు తేల్చుకోవడానికి బ్రోచర్ పనికిరాదు. దానిలో అటానమస్ అన్న మాట అరచేతి మందాన, విశ్వవిద్యాలయం పేరు చివరి పేజీ మడతలో ఉంటుంది. ఆ కాలేజీలో నిరుడు పాసైన ఒక పిల్లవాడి పీసీ ఫోటో అడగండి. ఊరికి ఒకరైనా ఉంటారు. దాని నెత్తిన ఉన్న పేరును ugc.gov.in లో ఉన్న జాబితాల్లో వెతకండి. కేంద్ర, రాష్ట్ర, డీమ్డ్, ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు వేర్వేరు జాబితాలున్నాయి, శ్రీసిటీ ట్రిపుల్ ఐటీలా పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థ కాకపోతే, పేరు వాటిలో ఏదో ఒకదానిలో కనిపించాలి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా కూడా అక్కడే ఉంటుంది. గుంటూరు చిరునామాతో, పేరులోనే డీమ్డ్ అని పెట్టుకున్న సంస్థ ఒకటి అందులోకి ఎక్కింది. త్వరలో డీమ్డ్ కాబోతున్నామని చెప్పే కాలేజీ దొరికితే, మీరు చేరే రోజుకు ఏ హోదా ఉందో అదే లెక్క పెట్టుకోండి.

ఆదివారం సాయంత్రం అమ్మాయితో ఆ ఫారం మళ్లీ నింపించాను. కాలేజీ గడిలో కాలేజీ పేరు, విశ్వవిద్యాలయం గడిలో పీసీ మీద ఉన్నది ఉన్నట్టు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, అనంతపురం. వట్టి జేఎన్‌టీయూ అని రాయబోతే ఆపాను. 2008లో అది హైదరాబాద్, కాకినాడ, అనంతపురం అని విడిపోయింది, ఊరి పేరు లేకుండా రాస్తే సరిచూసేవారి ఉత్తరం మరో ఊరు తిరిగి వస్తుంది. మార్కులు ఇచ్చిందెవరు అన్న మూడో ప్రశ్నకు కాలేజీ పరీక్షల విభాగం అని రాయించి, ఒక మెమో, పీసీ జతచేయించాను. డిజిలాకర్ తెరిచి చూస్తే ఓడీ ఇంకా ఎక్కలేదు.

"మామయ్యా, ఇంత చదువు చదివి నా యూనివర్సిటీని ఒక్కసారి కూడా చూడలేదు," అంది ఫైలు సర్దుకుంటూ.

ఓడీలో పేరు తప్పు పడితే చూస్తావులే అన్నాను. వెంటనే పదో తరగతి సర్టిఫికెట్ తీసి, పీసీ పక్కన పెట్టి, ఇంటిపేరు అక్షరం అక్షరం సరిచూసుకోవడం మొదలుపెట్టింది.